హోటల్ టీవీలో హెచ్‌డీఎంఐ కనిపించకపోతే: కన్సోల్ ఎలా కలపాలి, పోర్టబుల్ మానిటర్ ఎలా తీసుకెళ్లాలి

కన్సోల్‌ని టీవీ వెనక పోర్టులో పెట్టారు, ఆన్ చేశారు. తెర మీద మాత్రం హోటల్ వెల్కమ్ పేజీ కదలదు. రిమోట్ తిప్పి చూస్తే ఛానల్, వాల్యూమ్, పవర్ తప్ప ఇంకో బటన్ లేదు. ఇన్‌పుట్ మార్చే దారే లేదనిపిస్తుంది. చాలామంది ఇక్కడ మెనూల కోసం, ఇంటర్నెట్‌లో దొరికే సీక్రెట్ కోడ్‌ల కోసం వెతకడం మొదలుపెడతారు. నా సలహా వేరు. ముందు మెనూ వదిలేసి టీవీ వెనక ఉన్న కేబుల్ చూడండి. ఎందుకంటే ఎన్నో గదుల్లో ఆ టీవీ అప్పటికే ఏదో ఒక హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ మీదే ఉంటుంది. మీరు ఇన్‌పుట్ మార్చనక్కర్లేదు, ఆ ఇన్‌పుట్‌లోకి మీ కన్సోల్ వెళ్తే చాలు.

ఇది ఎందుకిలా ఉంటుందో తెలిస్తే మిగతాదంతా తేలిక. హోటళ్లు ఎక్కువగా వాడేది ఇళ్లలో ఉండే టీవీలు కాదు, హోటళ్ల కోసమే తయారయ్యే మోడళ్లు. ఎల్‌జీలో ప్రో:సెంట్రిక్, శాంసంగ్‌లో లింక్ అనే పేర్లతో ఉండే వ్యవస్థలు ఈ కోవవే. వీటిలో హోటల్ మోడ్ అనే సెట్టింగ్ ఉంటుంది. ఆన్ చేయగానే ఏ ఛానల్ రావాలి, శబ్దం ఎంత దాటకూడదు, ఇన్‌పుట్ మార్చనివ్వాలా వద్దా, టీవీ మీదున్న బటన్లు పనిచేయాలా వద్దా అన్నీ అందులో ముందే పెట్టేస్తారు. దీని వెనక కారణం కూడా న్యాయమైనదే. ఒక అతిథి ఇన్‌పుట్ మార్చి వెళ్లిపోతే, తర్వాత వచ్చినవారికి ఖాళీ తెర కనిపిస్తుంది, రిసెప్షన్‌కి ఫోన్ వెళ్తుంది. ఆ గొడవ లేకుండా ఉండాలని తాళం వేస్తారు.

ముందుగా అడగండి

గదిలోకి వెళ్లగానే రిసెప్షన్‌కి ఫోన్ చేసి ఒక్క మాట అడగండి: "టీవీకి గేమింగ్ కన్సోల్ పెట్టుకోవాలండి. ఇన్‌పుట్ మార్చే రిమోట్ మీ మెయింటెనెన్స్ వాళ్ల దగ్గర ఉంటుందా?" ఇలా స్పష్టంగా అడిగితే పని జరిగే అవకాశం ఎక్కువ. "టీవీ పనిచేయడం లేదు" అంటే వచ్చినతను ఛానళ్లు వస్తున్నాయో లేదో చూసి వెళ్లిపోతాడు. మెయింటెనెన్స్ వాళ్ల దగ్గర అన్ని బటన్లూ ఉన్న రిమోట్ ఉండటం మామూలే. ఇంకో లాభం కూడా ఉంది. మీరు కేబుల్ ముట్టుకుంటున్నారని వాళ్లకు ముందే తెలిసి ఉంటుంది.

అడిగేటప్పుడే టేబుల్ దగ్గర గోడ మీద ఒకసారి చూడండి. కొన్ని గదుల్లో హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ రంధ్రాలున్న చిన్న ప్యానెల్ ఉంటుంది. అతిథులు తమ పరికరాలు పెట్టుకోవడానికే అది ఉంది. అందులో కేబుల్ గుచ్చగానే టీవీ తనంతట తానే ఆ ఇన్‌పుట్‌కి మారేలా చాలాచోట్ల ఏర్పాటు చేస్తారు. ఇది ఉంటే కిందివన్నీ అక్కర్లేదు.

టీవీ మీదున్న బటన్, కన్సోల్ పంపే సైగ

రిమోట్‌లో లేకపోయినా టీవీకి సొంత బటన్ ఉంటుంది. తెర కింద మధ్యలో బ్రాండ్ పేరు ఉన్నచోట వేలితో తడిమి చూడండి, లేకపోతే వెనక కుడివైపు అంచున చూడండి. కొన్నిటికి అన్ని వైపులా కదిలే చిన్న జాయ్‌స్టిక్ లాంటిది ఉంటుంది. దాన్ని నొక్కితే ఇన్‌పుట్ జాబితా వచ్చిందంటే మీ పని అయిపోయినట్టే. నొక్కినా ఏమీ రాకపోతే, లేదా తెర మీద తాళం గుర్తు వస్తే, ఆ బటన్లను కూడా హోటల్ మోడ్‌లో ఆపేశారని అర్థం. మళ్లీ మళ్లీ నొక్కి లాభం లేదు.

తర్వాత ప్రయత్నించాల్సింది హెచ్‌డీఎంఐ సీఈసీ. హెచ్‌డీఎంఐ తీగలో బొమ్మ, శబ్దంతో పాటు చిన్న చిన్న ఆదేశాలు కూడా వెళ్తాయి. "ఇప్పుడు నేను ఆన్ అయ్యాను, నన్ను చూపించు" అని కన్సోల్ టీవీకి చెప్పగలదు. రిమోట్ నుంచి ఇన్‌పుట్ మార్చడాన్ని ఆపేసిన హోటల్ టీవీల్లో కూడా ఈ దారి తెరిచి ఉండటం కద్దు. అయితే కన్సోల్‌లో ఈ సదుపాయం ముందే ఆన్ చేసి ఉండాలి. ఎందుకంటే హోటల్‌లో బొమ్మే కనిపించనప్పుడు సెట్టింగ్ ఎలా మారుస్తారు? అందుకే బయల్దేరే ముందు ఇంట్లోనే చేసుకోండి.

ప్లేస్టేషన్ 5లో ఈ దారిన వెళ్లి రెండూ ఆన్ చేయాలి:

```
Settings > System > HDMI
  Enable HDMI Device Link
  Enable One-Touch Play
```

నింటెండో స్విచ్‌లో టీవీకి సంబంధించిన సెట్టింగ్స్‌లో `Match TV Power State` అని ఉంటుంది. ఎక్స్‌బాక్స్‌లో టీవీ, డిస్‌ప్లే ఆప్షన్లలో `HDMI-CEC` ఉంటుంది.

గదిలో టీవీ ఆన్ చేసి, అది పూర్తిగా లేచేదాకా ఆగండి. కన్సోల్‌ని స్లీప్‌లో పెట్టి, కంట్రోలర్‌తో లేపండి. ఆ లేచే క్షణంలోనే సైగ వెళ్తుంది కాబట్టి టీవీ అప్పటికే ఆన్‌లో ఉండాలి. తెర మారలేదనుకోండి, కేబుల్‌ని టీవీలోని వేరే హెచ్‌డీఎంఐ పోర్టులోకి మార్చి మళ్లీ ఒకసారి చూడండి. రెండోసారీ రాకపోతే ఈ దారి వదిలేయండి.

అసలు దారి: హోటల్ బాక్స్ కేబుల్

ఇక నేను మొదట చెప్పిన కేబుల్ సంగతి. హోటల్ ఛానళ్లు గదిలోకి రెండు రకాలుగా వస్తాయి. ఒకటి, టీవీ పక్కనో వెనకో చిన్న బాక్స్ ఉండి, అది హెచ్‌డీఎంఐ కేబుల్ ద్వారా టీవీకి బొమ్మ పంపిస్తుంది. రెండు, బాక్స్ అంటూ ఏమీ ఉండదు, అంతా టీవీ లోపలే జరుగుతుంది. మొదటి రకమైతే మీ అదృష్టం. ఎందుకంటే ఆ టీవీ ఎప్పుడూ ఆ హెచ్‌డీఎంఐ మీదే ఉండేలా తాళం వేసి ఉంటుంది.

ఏ రకమో తెలుసుకోవడానికి టీవీని ఆపి మళ్లీ ఆన్ చేసి మూలల్లో చూడండి. ఓ రెండు సెకన్లు `HDMI 1` లాంటిది కనిపిస్తే బాక్స్ ఎక్కడో ఉంది. టీవీ కింద అలమరలో, టీవీ వెనక బ్రాకెట్ మీద చిన్న లైటు వెలుగుతున్న పెట్టె కోసం చూడండి. ఫోన్ కెమెరాని టీవీ వెనక్కి పెట్టి వీడియో తీస్తే మెడ తిప్పుకోకుండానే పోర్టులు, కేబుళ్లు కనిపిస్తాయి.

బాక్స్ దొరికాక అందరూ చేసేది టీవీ వైపు కేబుల్ పీకడం. గోడకు బిగించిన టీవీలో అది కష్టం, పోర్టు విరిగే ప్రమాదమూ ఉంది. దానికన్నా బాక్స్ వైపు చివర పీకండి. ఆ చివరనే తిన్నగా మీ కన్సోల్‌లోకి పెట్టండి. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, స్విచ్ డాక్ మూడింటికీ వెనక ఉన్నది అదే సైజు హెచ్‌డీఎంఐ రంధ్రం కాబట్టి హోటల్ కేబులే సరిపోతుంది. టీవీ దృష్టిలో ఏమీ మారలేదు. పాత పోర్టులోంచే ఇప్పుడు వేరే బొమ్మ వస్తోంది, అంతే.

ఒక గది ఉదాహరణగా తీసుకుందాం. 43 అంగుళాల టీవీ గోడకు అతుక్కుని ఉంది, వెనక వేలు కూడా దూరదు. రిమోట్‌లో సోర్స్ బటన్ లేదు, టీవీ కింది బటన్ నొక్కితే తాళం గుర్తు వస్తోంది. ఆన్ చేసినప్పుడు మూలలో `HDMI 1` కనబడింది. టీవీ కింద అలమర తలుపు తెరిస్తే బాక్స్ ఉంది, దానికి నాలుగు తీగలున్నాయి: కరెంటు తీగ, నెట్‌వర్క్ తీగ, ఫోన్ తీగలా సన్నగా టీవీ వైపు వెళ్లేది ఒకటి, హెచ్‌డీఎంఐ. ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. హెచ్‌డీఎంఐ మాత్రమే తీయండి, మిగతా మూడూ ముట్టుకోవద్దు. ముఖ్యంగా ఆ సన్నని తీగ. టీవీ, బాక్స్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది దాని మీదే, అది ఊడితే టీవీ ఆన్ కావడమే మానేయొచ్చు. కేబుల్ చివర ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో పెట్టి, దాన్ని అలమర ముందు ఉంచి ఆన్ చేస్తే బొమ్మ వచ్చేస్తుంది. అలమర లోపల మాత్రం పెట్టకండి, వేడి బయటికి పోదు. శబ్దం రిమోట్ నుంచి పెరగకపోతే కంగారు పడకండి. కొన్ని హోటళ్లలో వాల్యూమ్ ఆదేశం బాక్స్ ద్వారా వెళ్తుంది. అప్పుడు కంట్రోలర్‌కి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవడమే తేలిక.

బాక్స్‌ని పెట్టెలో పెట్టి తాళం వేసినా, కేబుల్ చివర ప్లాస్టిక్ క్లిప్పుతో బిగించినా అక్కడితో ఆగిపోండి. అది వద్దని చెప్పడమే. అలాగే ఇంటర్నెట్‌లో కనిపించే సర్వీస్ మెనూ కోడ్‌ల జోలికి వెళ్లొద్దు. ఆ మెనూలో ఒక్క లైను తప్పు మారితే ఆ టీవీ హోటల్ సిస్టమ్ నుంచి ఊడిపోతుంది, దాన్ని మళ్లీ సెట్ చేయడానికి ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ పట్టుకుని రావాలి. ఒక సాయంత్రం ఆట కోసం ఇంకొకరికి అంత పని పెట్టడం న్యాయం కాదు. కేబుల్ తీసి పెట్టడం వేరు, హోటల్ సెట్టింగ్ మార్చడం వేరు.

బొమ్మ వచ్చాక రెండు చిన్న సర్దుబాట్లు. అంచులు తెగిపోయి స్కోరు, మ్యాపు కనబడకపోతే టీవీ మెనూ దొరకదు కాబట్టి కన్సోల్ వైపు నుంచే తగ్గించండి. ప్లేస్టేషన్ 5లో `Adjust Display Area`, స్విచ్‌లో `Adjust Screen Size` ఆ పని చేస్తాయి. బటన్ నొక్కిన తర్వాత కాస్త ఆలస్యంగా కదులుతుంటే అది టీవీ గేమ్ మోడ్‌లో లేకపోవడం వల్ల. దాన్ని మార్చే దారి లేకపోతే ఫైటింగ్, రేసింగ్ ఆటలు పక్కన పెట్టి నిదానంగా సాగే ఆటలు ఆడుకోండి.

గది ఖాళీ చేసే ముందు ఫొటో చూసి కేబుల్ మళ్లీ బాక్స్‌లో పెట్టండి. హోటల్ ఛానల్ ఒకటి వచ్చేదాకా చూసి టీవీ ఆపండి.

ఇంకో విషయం, దీన్ని చాలామంది పట్టించుకోరు. తలుపు దగ్గర కార్డు పెడితేనే కరెంటు వచ్చే గదుల్లో, మీరు కార్డు తీసుకుని బయటికి వెళ్లగానే ప్లగ్గులు ఆగిపోవచ్చు. కన్సోల్ స్లీప్‌లో ఉంటే అది మధ్యలో కరెంటు పోయినట్టే. సేవ్ చేయని ఆట పోతుంది, డౌన్‌లోడ్ ఆగుతుంది, ఒక్కోసారి స్టోరేజీ కూడా దెబ్బతింటుంది. బయటికి వెళ్లేటప్పుడు పూర్తిగా ఆపేసి వెళ్లండి.

టీవీ లొంగకపోతే: పోర్టబుల్ మానిటర్

బాక్స్ లేని గదిలో, సీఈసీ పనిచేయని టీవీ ముందు గంటలు గడపడంలో అర్థం లేదు. పావుగంట చాలు. తరచూ ప్రయాణం చేసేవారైతే ఒక చిన్న మానిటర్ దగ్గర ఉండటమే మేలు. 15.6 అంగుళాల, 1080పీ, 16:9 నిష్పత్తి ఉన్నది తీసుకుంటే కన్సోల్‌కి సరిగ్గా సరిపోతుంది. 16:10 మానిటర్లు ల్యాప్‌టాప్ పక్కన బాగుంటాయి గానీ కన్సోల్ పంపేది 16:9 బొమ్మ. పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి, లేదా బొమ్మ నిలువుగా సాగుతుంది.

ఈ మానిటర్లతో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం కరెంటు దగ్గరే మొదలవుతాయి. హెచ్‌డీఎంఐ తీగ బొమ్మను తెస్తుంది గానీ మానిటర్‌ని వెలిగించేంత కరెంటు తేదు. అందుకే కన్సోల్‌తో వాడేటప్పుడు రెండు తీగలు కావాలి: బొమ్మకు హెచ్‌డీఎంఐ, కరెంటుకు యూఎస్‌బీ-సీ. మానిటర్ వైపు హెచ్‌డీఎంఐ రంధ్రం చాలావాటిలో మామూలు సైజు కాదు, మినీ హెచ్‌డీఎంఐ. ఆ కేబుల్ అన్నిచోట్లా దొరకదు కాబట్టి ఒకటి ఎక్కువ పెట్టుకోండి.

యూఎస్‌బీ తీగని కన్సోల్‌కే పెడితే ప్లగ్గు మిగులుతుంది కదా అనిపిస్తుంది. లెక్క చూడండి. మామూలు యూఎస్‌బీ 3 పోర్టు ప్రమాణం ప్రకారం 5 వోల్టుల దగ్గర 0.9 ఆంపియర్లు, అంటే 4.5 వాట్లు ఇస్తుంది. ఈ సైజు మానిటర్‌కి వెలుతురు పెంచితే సుమారు 8 నుంచి 12 వాట్లు కావాలి. అందుకే ఏం జరుగుతుందంటే, లోగో వస్తుంది, తెర నల్లబడుతుంది, మళ్లీ లోగో వస్తుంది. లేదా చీకటి సీన్లలో బాగానే ఉండి, తెల్లటి సీన్ రాగానే ఆరిపోతుంది. ఈ లక్షణం కనిపిస్తే మానిటర్ పాడైందని అనుకోవద్దు. గోడకు 30 వాట్ల ఛార్జర్ పెట్టి, మానిటర్‌తో వచ్చిన పొట్టి తీగే వాడండి. ఛార్జర్ దొరకని రాత్రి వెలుతురు సగానికి తగ్గిస్తే నడవొచ్చు.

ఒకే ఛార్జర్‌కి రెండు మూడు పోర్టులుంటే ఇంకో చిక్కు ఉంది. ఆట మధ్యలో మీ ఫోన్‌ని రెండో పోర్టులో పెట్టగానే ఛార్జర్ కరెంటుని మళ్లీ పంచుతుంది. ఆ ఒక్క క్షణం అన్ని పోర్టులూ ఆగి లేస్తాయి, మానిటర్ ఆరిపోతుంది. అన్నీ ముందే గుచ్చేసి ఆ తర్వాత ఆట మొదలుపెట్టండి.

మానిటర్‌కి సాధారణంగా రెండు యూఎస్‌బీ-సీ రంధ్రాలుంటాయి. కొన్నిటిలో రెండూ ఒకేలా పనిచేస్తాయి, కొన్నిటిలో ఒకటి కరెంటుకి మాత్రమే. ప్లేస్టేషన్ 5 ముందున్న యూఎస్‌బీ-సీ నుంచి బొమ్మ రాదు, హెచ్‌డీఎంఐ ఒక్కటే దారి. స్టీమ్ డెక్ అయితే ఒకే యూఎస్‌బీ-సీ తీగతో బొమ్మ పంపగలదు. స్విచ్ సంగతి కొంచెం మొండి. దాని ఛార్జర్‌ని మానిటర్‌లో పెట్టి, మానిటర్ నుంచి స్విచ్‌కి తీగ వేస్తే కొన్ని మానిటర్లలో టీవీ మోడ్ వస్తుంది, కొన్నిటిలో రాదు. ఎందుకంటే టీవీ మోడ్‌కి స్విచ్ 15 వోల్టుల కరెంటు అడుగుతుంది, దాన్ని మానిటర్ అటువైపు దాటించగలగాలి. ఇంట్లో పనిచేయడం చూసుకున్నాకే డాక్ వదిలి వెళ్లండి. స్విచ్ లైట్ మాత్రం బయటి తెరకు బొమ్మ పంపలేదు, దానికి మానిటర్ మోయడం దండగ.

కరెంటు సరిగ్గా ఉన్నా తెర నల్లగానే ఉంటే హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ కారణం కావచ్చు. కొన్ని చౌక మానిటర్లు దాన్ని సరిగ్గా అర్థం చేసుకోవు. "సిగ్నల్ లేదు" అని రాకుండా, సిగ్నల్ పట్టుకున్నాక బొమ్మ రాకపోవడం దీని గుర్తు. ప్లేస్టేషన్ 5లో ఇదే హెచ్‌డీఎంఐ మెనూలో `Enable HDCP` ఆపేస్తే ఆటలు వస్తాయి, కొన్ని సినిమా యాప్‌లు మాత్రం నడవవు. రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తే కన్సోల్‌లో హెచ్‌డీఆర్ ఆపేయండి. ఈ మానిటర్లలో చాలావరకు హెచ్‌డీఆర్ సిగ్నల్ తీసుకుంటాయి గానీ దాన్ని చూపించేంత వెలుతురు వాటికి ఉండదు.

శబ్దానికి మానిటర్ స్పీకర్ల మీద ఆధారపడకండి, అవి పేరుకే ఉంటాయి. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లకు ఇయర్‌ఫోన్స్ పిన్ను ఉంటుంది. స్విచ్ డాక్‌లో ఉన్నప్పుడు కూడా దాని పైభాగంలోని పిన్ను అందుతుంది.

బ్యాగులో సర్దడం

మానిటర్ గ్లాస్ పగలడానికి ఎక్కువగా కారణం కింద పడటం కాదు, బ్యాగులో ఒకేచోట ఒత్తిడి పడటం. కంట్రోలర్ జాయ్‌స్టిక్‌లు, ఛార్జర్ మూలలు తెరకు ఎదురుగా ఉండకూడదు. తెరని చదునైన దాని వైపు, అంటే ల్యాప్‌టాప్ మూత వైపో గట్టి అట్ట వైపో తిప్పి, బ్యాగులో వీపు వైపు అరలో పెట్టండి. మానిటర్‌తో వచ్చే మెత్తని కవరు గీతలు పడకుండా కాపాడుతుంది గానీ ఒత్తిడి నుంచి కాపాడదు. చెక్-ఇన్ సూట్‌కేసులో వేయొద్దు. సెక్యూరిటీ దగ్గర ల్యాప్‌టాప్‌లా బయటికి తీసి ట్రేలో పెట్టమనొచ్చు, అందుకే సులువుగా చేతికందేలా ఉంచుకోండి.

కన్సోల్ ఎంపిక కూడా బరువు మీదే ఆధారపడుతుంది. మొదటి ప్లేస్టేషన్ 5 దాదాపు 4.5 కిలోలు, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ రెండు కిలోలకు కాస్త తక్కువ. ఈ రెండింటి కరెంటు తీగా ఎనిమిది అంకె ఆకారంలో ఉండే ఒకే రకం. మరచిపోయినా అది తేలిగ్గానే దొరుకుతుంది, హోటల్‌లోనే ఎవరి దగ్గరైనా ఉండొచ్చు. మినీ హెచ్‌డీఎంఐ కేబుల్‌కి ఆ సౌకర్యం లేదు. దాన్ని మానిటర్ కవరు లోపలే చుట్టి పెట్టి, అక్కడి నుంచి ఎప్పుడూ తీయకండి. సుమారు మూడు మీటర్ల మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ ఒకటి, మూల తిరిగి ఉండే చిన్న హెచ్‌డీఎంఐ అడాప్టర్ ఒకటి కూడా వేసుకోండి. గోడకు అతుక్కున్న టీవీలో తిన్నని ప్లగ్గు పట్టని సందులో అది పడుతుంది.